ఇల్లు మారాం సరే, చిరునామా మారిందా?

కొత్త ఇంట్లో పాలు పొంగించి నెల తిరగకముందే పాత ఇంటి పక్కవాళ్ల నుంచి ఫోను వస్తుంది. "మీ పేరున బ్యాంకు నుంచి కవరు వచ్చిందండీ, తాళం వేసుందని పోస్ట్‌మ్యాన్ వెనక్కి తీసుకెళ్లిపోయాడు" అంటారు. ఆ కవరులో చెక్‌బుక్ ఉండొచ్చు, కొత్త ఏటీఎం కార్డు ఉండొచ్చు. "అదేంటి, బ్యాంకులో చిరునామా మార్చమని అప్పుడే రాసిచ్చాం కదా" అనుకుంటాం. రాసిచ్చిన మాట నిజమే. మారిందో లేదో మాత్రం చూసుకోలేదు.

ఇల్లు మారినప్పుడు చాలామంది ఇళ్లలో ఇదే జరుగుతుంది. దరఖాస్తు ఇచ్చి, రసీదు పుచ్చుకుని, పని అయిపోయిందనుకుంటాం. ఆ రసీదు మన కాగితం వాళ్లకు ముట్టిందని మాత్రమే చెబుతుంది. వాళ్ల రికార్డు మారిందని చెప్పేది ఆ తర్వాత వాళ్ల నుంచి మనకు వచ్చే మరో కాగితం. గ్యాస్ ఏజెన్సీ అయితే అది క్యాష్ మెమో, మొబైల్ కంపెనీ అయితే వచ్చే నెల బిల్లు, బ్యాంకు అయితే కొత్త ఇంటికి చేరే పోస్టు. ఈ మూడూ చేతికి వచ్చేదాకా చిరునామా మారనట్టే లెక్క.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని అనుకుందాం. భర్తకు ఉద్యోగం బదిలీ అయి విజయవాడ సత్యనారాయణపురం నుంచి హైదరాబాద్ కూకట్‌పల్లికి వస్తున్నారు. గ్యాస్ కనెక్షన్ 2015లో భార్య పేరున తీసుకున్నారు. భార్యాభర్తలిద్దరికీ కలిపి బ్యాంకులో జాయింట్ ఖాతా ఉంది. భర్తది పోస్ట్‌పెయిడ్ ఫోను. కొత్త ఇల్లు అద్దెది, కరెంటు బిల్లు ఇంటి ఓనరు పేరున వస్తుంది. అద్దెకుండే వాళ్లకు అసలు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఆ ఇంట్లో ఉంటున్నట్టు చెప్పే కాగితం ఒక్కటీ తమ పేరున ఉండదు.

ముందు చిరునామాను ఒకేలా రాసుకోవాలి

ఏ కార్యాలయానికీ వెళ్లకముందు కొత్త చిరునామాను ఒక కాగితం మీద పూర్తిగా రాసి పెట్టుకోవాలి. డోర్ నంబరు, ఫ్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, వీధి, కాలనీ, ఊరు, జిల్లా, రాష్ట్రం, పిన్ కోడ్ అన్నీ అద్దె ఒప్పందంలో ఉన్నట్టే ఉండాలి. ప్రతిచోటా అదే వరసలో, అవే అక్షరాలతో ఇవ్వాలి. ఒకచోట అపార్ట్‌మెంట్ పేరుతో, మరోచోట డోర్ నంబరుతో ఇస్తే, ఒక సంస్థ కాగితాన్ని ఇంకో సంస్థకు రుజువుగా చూపించినప్పుడు రెండూ ఒకే ఇల్లు కాదేమోనన్న అనుమానం వస్తుంది.

ఫారాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ చిరునామా రాయడానికి ఇచ్చే చోటు తక్కువ. ఆలయం పక్కన, ఫలానా స్కూలు ఎదురుగా లాంటి గుర్తులు మొదట్లోనే రాస్తే, చివర్న ఉండాల్సిన కాలనీ పేరు తెగిపోతుంది. డోర్ నంబరు మొదట, గుర్తులు ఆఖర్న రాయాలి. ఊరు మారినా పిన్ కోడ్ పాతదే ఉండిపోవడం తరచూ జరిగే పొరపాటు. ఉత్తరాలను ఊరి పేరుతో పాటు పిన్ కోడ్‌ను బట్టి వేరు చేస్తారు కాబట్టి, హైదరాబాద్ అని రాసి విజయవాడ పిన్ కోడ్ వదిలేస్తే ఆ ఉత్తరం దారి తప్పడమో ఆలస్యం కావడమో ఖాయం.

మరో జాగ్రత్త. చిరునామాలు మార్చే నెలలో ఫోన్ నంబరు మార్చకూడదు. బ్యాంకు, గ్యాస్, ఆధార్, అన్నీ ఓటీపీ పంపేది ఆ నంబరుకే. నంబరు మార్చాల్సి ఉంటే, చిరునామాల పని ముగిశాకే.

గ్యాస్: ఊరు వదలకముందే మొదలుపెట్టాలి

మూడింటిలో గ్యాస్ పని మాత్రం పాత ఊళ్లోనే మొదలవుతుంది. సిలిండర్, రెగ్యులేటర్ మన సొంతం కావు. డిపాజిట్ కట్టించుకుని కంపెనీ వాడుకోవడానికి ఇచ్చినవి. పొయ్యి, రబ్బరు ట్యూబు మనవి. అందువల్ల మారడంలో రెండు పద్ధతులున్నాయి.

అదే ఊళ్లో ఒక పేట నుంచి మరో పేటకు మారితే సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించక్కర్లేదు. కొత్త ఇల్లు కూడా పాత ఏజెన్సీ పరిధిలోనే ఉంటే కొత్త చిరునామా రుజువు ఇచ్చి రికార్డు మార్పించుకుంటే చాలు. వేరే ఏజెన్సీ పరిధిలోకి వెళితే పాత ఏజెన్సీ నుంచి బదిలీ పత్రం తీసుకుని కొత్త ఏజెన్సీలో ఇవ్వాలి. దీన్ని ఏజెన్సీ వాళ్లు ఇ-సీటీఏ అంటారు.

మన కుటుంబంలా ఊరే మారితే సిలిండర్, రెగ్యులేటర్ రెండూ పాత ఏజెన్సీకి అప్పగించాలి. వెళ్లేటప్పుడు కనెక్షన్ తీసుకున్ననాడు ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచర్, గ్యాస్ బుక్ వెంట ఉండాలి. వాళ్లు డిపాజిట్ తిరిగి ఇచ్చి టర్మినేషన్ వోచర్ ఇస్తారు. ఆ వోచర్‌ను కొత్త ఊళ్లోని ఏజెన్సీలో చూపించి, అక్కడ అమల్లో ఉన్న డిపాజిట్ కడితే కనెక్షన్ ఇస్తారు. లారీలో సామాన్లతో పాటు సిలిండర్‌నూ ఎక్కించుకుని వచ్చేస్తే ఈ బదిలీ జరగదు. మళ్లీ విజయవాడ వెళ్లి అప్పగించాల్సిందే.

డిపాజిట్ దగ్గర కొంత తేడా వస్తుంది. 2022 జూన్‌లో 14.2 కిలోల సిలిండర్ డిపాజిట్‌ను రూ.1,450 నుంచి రూ.2,200కు, రెగ్యులేటర్ డిపాజిట్‌ను రూ.150 నుంచి రూ.250కి పెంచారు. పాత ఊళ్లో తిరిగి ఇచ్చేది అప్పట్లో మనం కట్టిన మొత్తమే. ఈ కుటుంబం 2015లో ఒక సిలిండర్‌కు, రెగ్యులేటర్‌కు కలిపి రూ.1,600 కట్టింది. అది వెనక్కి వస్తుంది. పెంచిన రేటు ప్రకారం హైదరాబాద్‌లో రూ.2,450 కట్టాలి. అంటే పైన మరో రూ.850 సిద్ధం చేసుకోవాలి. ఈ డబ్బు ఎందుకని ఏజెన్సీతో గొడవపడక్కర్లేదు, కొత్త వోచర్ మీద ఆ మొత్తం సరిగ్గా రాశారో లేదో చూసుకోవాలి. రేపు మళ్లీ ఊరు మారితే తిరిగొచ్చేది ఆ వోచర్ మీదున్న మొత్తమే.

చిరునామా రుజువుగా గ్యాస్ ఏజెన్సీలు అద్దె ఒప్పందాన్ని కూడా తీసుకుంటాయి. కాబట్టి అద్దె ఇళ్లవాళ్లకు మూడింటిలో తేలికైన పని ఇదే.

మార్పు నిజంగా జరిగిందని తేల్చేది మొదటి సిలిండర్ బుకింగ్. రిజిస్టర్ అయిన ఫోన్ నుంచి బుక్ చేస్తే వచ్చే మెసేజ్‌లో కొత్త ఏజెన్సీ పేరు ఉండాలి. సిలిండర్ తెచ్చినప్పుడు డెలివరీ బాయ్‌కి చెప్పాల్సిన కోడ్ మీ ఫోనుకే రావాలి. అతనిచ్చే క్యాష్ మెమో మీద పేరు, కన్స్యూమర్ నంబరు, కొత్త చిరునామా ముద్రించి ఉండాలి. సిలిండర్ ఇంటికి వచ్చినంత మాత్రాన సరిపోదు. డెలివరీ బాయ్ ఫోన్ చేసి దారి అడిగి తెచ్చి ఉండొచ్చు, రికార్డులో పాత వీధే ఉండొచ్చు. మెమో మీద అచ్చయిన చిరునామా చదివితేనే తెలుస్తుంది.

దీన్ని ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. గ్యాస్ ప్రమాదం జరిగితే వినియోగదారుల కోసం చమురు కంపెనీలు తీసుకున్న బీమా ఉంటుంది. అందులో ఆస్తి నష్టానికి ఒక్కో ప్రమాదానికి రూ.2 లక్షల వరకు పరిహారం ఉంది. అది కనెక్షన్ రిజిస్టరైన చిరునామాలో జరిగిన నష్టానికే వర్తిస్తుంది. రికార్డులో విజయవాడ ఇల్లు ఉండి, ప్రమాదం కూకట్‌పల్లిలో జరిగితే ఆ పరిహారం అడగడానికి ఆధారం ఉండదు.

రాష్ట్రం మారేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో మహాలక్ష్మి కింద రూ.500కు సిలిండర్ వేర్వేరు రాష్ట్రాల పథకాలు. రెండింటికీ రేషన్ కార్డుతో ముడి ఉంది. కనెక్షన్‌తో పాటు పథకం దానంతట అదే కొత్త రాష్ట్రానికి వెంట రాదు.

మొబైల్: బిల్లే రుజువు

మొబైల్ సేవల పరంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి ఇప్పటికీ ఒకే సర్కిల్. కాబట్టి విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చినవాళ్లకు సర్కిల్ కూడా మారదు. బెంగళూరు, చెన్నై వెళ్లినా నంబరు మార్చుకోనక్కర్లేదు. నంబరు అలాగే ఉంచుకుని దేశంలో ఏ సర్కిల్‌కైనా, ఏ కంపెనీకైనా మారే వీలు 2015 జూలై నుంచి ఉంది.

పోస్ట్‌పెయిడ్ ఉన్నవాళ్లు కంపెనీ యాప్‌లో గానీ స్టోర్‌లో గానీ బిల్లింగ్ చిరునామా మార్చమని అడగాలి. ఎలాంటి రుజువు కావాలన్నది కంపెనీని బట్టి ఉంటుంది. అడిగిన వెంటనే సర్వీస్ రిక్వెస్ట్ నంబరు మెసేజ్‌గా వస్తుంది. దాన్ని దాచుకోవాలి. అప్పటికే తయారైన బిల్లు మీద పాత చిరునామానే ఉంటుంది, అది తప్పు కాదు. ఆ తర్వాతి బిల్లింగ్ తేదీ దాటాక వచ్చిన బిల్లు పీడీఎఫ్ తెరిచి పై భాగంలో చిరునామా చదవాలి. ఇ-మెయిల్‌కు బిల్లు వచ్చేవాళ్లు ఎంత కట్టాలో చూసి మూసేస్తారు. ఈ ఒక్కసారికి పైనున్న నాలుగు లైన్లూ చదవాలి.

ఆ బిల్లుకు మరో విలువ ఉంది. రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల ప్రకారం రెండు నెలలకు మించి పాతది కాని పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లును బ్యాంకులో చిరునామా రుజువుగా చూపించవచ్చు. కరెంటు బిల్లు ఓనరు పేరున ఉండి ఇబ్బందిపడే అద్దె కుటుంబానికి తమ పేరున ఉండే బిల్లు ఇదే. అందుకే ఈ పనిని బ్యాంకు కన్నా ముందు పెట్టుకోవడం మేలు.

ప్రీపెయిడ్ వాళ్లకు బిల్లు రాదు కాబట్టి ఈ సౌకర్యం లేదు. స్టోర్‌కు వెళ్లి గుర్తింపు పత్రంతో రికార్డు మార్పించుకుని, యాప్ ప్రొఫైల్‌లో కొత్త చిరునామా కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఉంటే దాని షిఫ్టింగ్ వేరే పని, దానికి వేరే దరఖాస్తు పెట్టాలి.

బ్యాంకు: రెండు చిరునామాలు, ఇద్దరు ఖాతాదారులు

బ్యాంకు రికార్డులో సాధారణంగా రెండు చిరునామాలు ఉంటాయి. ఒకటి శాశ్వత చిరునామా, రెండోది ఉత్తర ప్రత్యుత్తరాల చిరునామా. ఏటీఎం కార్డు, చెక్‌బుక్, నోటీసులు వచ్చేది రెండోదానికి. ఫారంలో శాశ్వత చిరునామా గడి మాత్రమే నింపి, రెండోది వదిలేస్తే పోస్టు పాత ఇంటికే వెళుతూ ఉంటుంది. అద్దె ఇంటికి మారినవాళ్లు సొంతూరి చిరునామాను శాశ్వతంగా ఉంచుకుని, ఉత్తరాల చిరునామా మార్చుకున్నా పని జరుగుతుంది. ఏ గడి మారుస్తున్నామో తెలిసి మార్చాలి.

కేవైసీ నవీకరణలో వివరాలన్నీ పాతవే ఉండి చిరునామా ఒక్కటే మారినప్పుడు, కొత్త చిరునామాను ఖాతాదారు స్వయంగా ధ్రువీకరించి ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన చెబుతోంది. బ్యాంకులో నమోదైన ఇ-మెయిల్, మొబైల్ నంబరు, నెట్ బ్యాంకింగ్, యాప్, ఏటీఎం, ఉత్తరం, ఇలా ఏ మార్గంలోనైనా ఇవ్వవచ్చు. ఆ తర్వాత రెండు నెలల్లోగా బ్యాంకు ఆ చిరునామాను నిర్ధారించుకోవాలి. అందుకు కొత్త చిరునామాకు ఉత్తరం పంపుతారు, లేదా మనిషిని పంపి చూస్తారు. ఆ రెండు నెలల్లో బ్యాంకు నుంచి వచ్చే మామూలు ఉత్తరాన్ని కూడా నిర్లక్ష్యం చేయకూడదు. అది వెనక్కి వెళితే మీరిచ్చిన చిరునామా నిర్ధారణ కాలేదని అర్థం. వాచ్‌మన్‌కు, పక్కింటివాళ్లకు పేరు చెప్పి ఉంచడం, తలుపు మీద పేరు రాసిన కాగితం అంటించడం మంచిది.

కొన్ని బ్యాంకులు తమ విధానం ప్రకారం పత్రం కూడా అడుగుతాయి. కొత్త చిరునామా ఉన్న ఆధార్, పాస్‌పోర్ట్, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు కార్డుల్లో ఏదైనా ఇవ్వవచ్చు. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి అది పనికిరాదు. ఇవేవీ ఇంకా మారకపోతే కరెంటు, నీరు, ఫోను, పోస్ట్‌పెయిడ్ మొబైల్, పైపు గ్యాస్ బిల్లుల్లో రెండు నెలల లోపుది, లేదా ఆస్తి పన్ను రసీదు తాత్కాలికంగా చెల్లుతాయి. తాత్కాలికంగా అనడానికి కారణం, ఆ తర్వాత మూడు నెలల్లోగా కొత్త చిరునామా ఉన్న అసలు పత్రాన్ని తెచ్చి ఇవ్వాలి. అందుకే ఇల్లు మారిన వారంలోనే myaadhaar.uidai.gov.in లో ఆధార్ చిరునామా మార్పు కూడా మొదలుపెట్టాలి. భర్త ఆధార్ మారాక, కుటుంబ పెద్దగా ఆయన సమ్మతితో భార్య ఆధార్‌లో చిరునామా మార్చుకునే పద్ధతి ఉంది. ఆమె పేరున వేరే రుజువు లేకపోయినా పని ఆగదు.

మరి జాయింట్ ఖాతా సంగతి? ఖాతా ఒకటే అయినా బ్యాంకు దృష్టిలో ఖాతాదారులు ఇద్దరు. ఒక్కొక్కరికి వేరే కస్టమర్ నంబరు, వేరే చిరునామా రికార్డు ఉంటాయి. భర్త దరఖాస్తు ఇస్తే భర్త రికార్డు మారుతుంది, భార్య పేరున వచ్చే ఏటీఎం కార్డు విజయవాడకే వెళుతుంది. ఇద్దరూ విడివిడిగా ఇవ్వాలి. అదే బ్యాంకు క్రెడిట్ కార్డు ఉంటే దాని చిరునామా కూడా మారిందో లేదో వేరేగా చూసుకోవాలి. చాలాచోట్ల కార్డుల వ్యవస్థ వేరేగా నడుస్తుంది.

చిరునామా మార్చడం, ఖాతాను మరో శాఖకు మార్చడం ఒకటి కాదు. చిరునామా మారితే ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పాతవే ఉంటాయి. శాఖ మారిస్తే ఐఎఫ్ఎస్‌సీ మారుతుంది, జీతం వేసే ఆఫీసుకూ పెన్షన్ ఇచ్చే చోటుకూ మళ్లీ చెప్పాలి. కౌంటర్లో "ఖాతా ఇక్కడికి మార్చండి" అంటే రెండో పని జరుగుతుంది. "ఉత్తరాల చిరునామా మార్చండి" అని స్పష్టంగా అడగాలి.

ఇక నిర్ధారణ. కేవైసీ నవీకరణకు పత్రాలో, స్వీయ ధ్రువీకరణో ఇచ్చినప్పుడు బ్యాంకు తేదీ వేసిన రసీదు ఇవ్వాలని, ఆ తర్వాత రికార్డు మారాక ఏ తేదీన మారిందో ఖాతాదారుకు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నిబంధనలే చెబుతున్నాయి. అంటే మనకు రావాల్సినవి రెండు. చాలామంది మొదటిది తీసుకుని రెండోదాని ఊసెత్తరు. ఆ రెండో మెసేజ్ వచ్చాక నెట్ బ్యాంకింగ్ ప్రొఫైల్ తెరిచి రెండు చిరునామాలూ చదవాలి. ఆ నెల స్టేట్‌మెంట్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి పైన ముద్రించిన చిరునామా చూడాలి. ఆఖరి పరీక్షగా ఒక చెక్‌బుక్ అడగాలి. అది కూకట్‌పల్లి తలుపు తట్టిన రోజున బ్యాంకు పని పూర్తయినట్టు. స్పీడ్ పోస్ట్ నంబరు మెసేజ్‌లో వస్తే, ట్రాకింగ్‌లో అది ఏ పోస్టాఫీసుకు వెళుతోందో ముందే తెలిసిపోతుంది. విజయవాడ వైపు వెళుతుంటే మారనట్టే.

ఈ రోజుల్లోనే "మీ కేవైసీ ఆగిపోయింది, ఈ లింక్ నొక్కండి" అంటూ మోసగాళ్ల మెసేజ్‌లు కూడా వస్తుంటాయి. నిజంగానే దరఖాస్తు పెట్టి ఉన్నాం కాబట్టి నమ్మాలనిపిస్తుంది. చిరునామా మార్చడానికి ఎవరికీ ఓటీపీ చెప్పక్కర్లేదు, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అనుమానం వస్తే పాస్‌బుక్ మీదున్న నంబరుకు మనమే ఫోన్ చేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి.

కదలకపోతే ఎవరికి చెప్పాలి

ఇచ్చిన తేదీ, రసీదు నంబరు రెండూ ఉంటేనే ఫిర్యాదుకు బలం. గ్యాస్ ఏజెన్సీ పట్టించుకోకపోతే చమురు కంపెనీల టోల్‌ఫ్రీ నంబరు 1800-2333-555కు చెప్పాలి. గ్యాస్ లీకైతే మాత్రం 1906. మొబైల్ కంపెనీ తేల్చకపోతే ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాయాలి. బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఇల్లు మారినప్పుడు ఒక కాగితం తీసుకుని గ్యాస్, మొబైల్, ఆధార్, భర్త బ్యాంకు, భార్య బ్యాంకు, క్రెడిట్ కార్డు అని వరసగా రాయండి. ఒక్కోదాని పక్కన రెండు తేదీలు వేయండి. మొదటిది దరఖాస్తు ఇచ్చిన తేదీ, రెండోది కొత్త చిరునామా అచ్చులో కనబడిన తేదీ. రెండో తేదీ ఖాళీగా ఉన్న ప్రతి వరసా ఇంకా పాత ఇంటిదే. ఇల్లు మారిన మూడో నెల దాటకుండా ఆ వరసలన్నీ నింపేయండి.